పిల్లల నోటు పుస్తకాల ఫొటోలు ఏఐకి ఇవ్వవచ్చా?

సంపాదకుడు గారికి,

నేను గాజువాకలోని ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. దిద్దే పని తేలికవుతుందని ఇప్పుడు చాలామంది ఉపాధ్యాయులు నోటు పుస్తకాల పేజీలను ఫోన్‌లో ఫొటో తీసి ఏఐ టూల్స్‌లో పెడుతున్నారు. ఇది పిల్లలకు ఎంతవరకు క్షేమం? విద్యాశాఖ దీనికి స్పష్టంగా జవాబు చెప్పాలి.

అట్ట మీది పేరు ఫొటోలో పడకపోతే చాలని అనుకుంటాం. లేఖారచన పేజీ చూస్తే అది సరిపోదని తెలుస్తుంది. 'మీ వీధిలోని మురుగుకాలువ గురించి జీవీఎంసీ కమిషనర్‌కు లేఖ రాయండి' అంటే పిల్లలు పైన తమ సొంత వీధి పేరు, కింద తమ సొంత పేరు రాస్తారు. కవరు గీసి డోర్ నంబరు కూడా వేస్తారు. మధ్యలో 'మా నాన్న హార్బర్‌లో పని చేస్తారు, దోమల వల్ల తమ్ముడికి మలేరియా వచ్చింది' అని నిజమే రాస్తారు. ఆ ఒక్క పేజీతో పిల్లవాడి పేరు, ఇల్లు, తండ్రి పని, ఇంట్లో జబ్బు అన్నీ బయటికి వెళ్లిపోతాయి.

చాలా టూల్స్ ఉచిత వెర్షన్లలో, మనం పెట్టినవాటిని మోడల్ శిక్షణకు వాడుకునే ఆప్షన్ ముందే ఆన్‌లో ఉంటుంది. సెట్టింగుల్లో దాన్ని ఆపవచ్చు కానీ అప్పటికే శిక్షణలో కలిసిపోయినదాన్ని వెనక్కి తీసుకోలేం. ఫోన్ కెమెరాకు లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో ఫైల్‌లో తీసిన చోటు కూడా నమోదవుతుంది.

పేరు మీద ఫోన్‌లోని హైలైటర్‌తో గీత గీస్తే నమ్మకం లేదు. ఆ రంగు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి ఫొటో వెలుతురు పెంచితే కింది అక్షరాలు తేలవచ్చు. ఫొటో తీయకముందే పేరు, చిరునామా మీద కాగితం ముక్క పెట్టడం మేలు. అంతకన్నా మంచిది, తప్పున్న వాక్యాన్ని మాత్రమే మనమే టైప్ చేయడం. దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఫొటో నుంచి చదివేటప్పుడు టూల్ ఒక్కోసారి పిల్లవాడు రాసిన 'విధ్యార్థి'ని 'విద్యార్థి'గా తనే సరిచేసి చదువుతుంది. అప్పుడు మనం దిద్దాల్సిన తప్పే మనకు కనబడదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కాగితం మీద ఉండి తర్వాత డిజిటల్‌గా మారిన సమాచారానికీ వర్తిస్తుంది. 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. దీని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. ఆ అనుమతి ఎవరు అడగాలి, ఏ కాగితం మీద తీసుకోవాలి అన్నది మాత్రం బడిలో ఉపాధ్యాయుడికి చెప్పేవారు లేరు.

ఏ టూల్ వాడవచ్చో, ఏ పేజీలు ఫొటో తీయకూడదో తెలుపుతూ జిల్లా విద్యాశాఖాధికారి అన్ని బడులకూ ఒక సర్క్యులర్ పంపాలి. తల్లిదండ్రుల అనుమతి పత్రం నమూనా తెలుగులో దానికి జతచేయాలి. అది వచ్చేవరకు పిల్లల చేతిరాత పేజీలను ఏ టూల్‌లోనూ పెట్టవద్దని తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాను.

– ఒక తెలుగు ఉపాధ్యాయిని,
గాజువాక, విశాఖపట్నం