మందుల చీటీలో లేని ప్రశ్న: వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నెల్లూరు జిల్లా ఉదయగిరి నుంచి ఒక మందుల షాపువాడు నమస్కరించి రాసేది.

ఫిట్స్ మాత్రలు వేసుకునేవాళ్లు ఆయుర్వేద సిరప్ కూడా తాగితే వచ్చే ప్రమాదం గురించి సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చాం. కొన్నాళ్లకు "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో కనుక్కుందామని వెళితే, ఆయుర్వేదం సంగతి ఆయుష్ వాళ్లదట, మాత్రల సంగతి ఇంకొకరిదట, మేం రెండూ కలిపి రాశామట. నిజమే సార్, కలిపే రాశాం. మా మేనల్లుడు ఆ రెండూ కలిపే మింగాడు మరి. రెండు శాఖలూ మీ చేతికిందే ఉన్నాయి కాబట్టి ఇక మీకే రాస్తున్నాను.

మీ ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చే ఫారం మీకు తెలియనిది కాదు. బీడీ తాగుతావా, గుట్కా నములుతావా, మందు తాగుతావా, నడుము చుట్టుకొలత ఎంత, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అన్నీ అడుగుతారు. పసరు గానీ, చూర్ణం గానీ, టానిక్ గానీ ఏమైనా వాడుతున్నావా అన్న ప్రశ్న మాత్రం అందులో లేదు. ఆసుపత్రి ఓపీ చీటీలోనూ లేదు. ఆ ఒక్క ప్రశ్న లేక మా ఇంట్లో ఏం జరిగిందో కొంచెం ఓపిగ్గా చదవండి.

మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాడికి చిన్నప్పటి నుంచీ ఫిట్స్. రాత్రిపూట 300 మిల్లీగ్రాముల ఫెనిటాయిన్ వేసుకుంటాడు. దాంతో ఫిట్స్ పూర్తిగా ఆగిపోయాయి. నెల్లూరులో చేయించిన పరీక్షలో రక్తంలో మందు మిల్లీలీటరుకు 14 మైక్రోగ్రాములుంది. 10 నుంచి 20 మధ్య ఉండాలంటారు, కాబట్టి బ్రహ్మాండంగా ఉన్నట్టే. పరీక్షలు దగ్గర పడేసరికి హాస్టల్లో పిల్లలంతా జ్ఞాపకశక్తికని శంఖపుష్పి సిరప్ తాగుతుంటే వీడూ మొదలుపెట్టాడు, పూటకు రెండు చెంచాలు. బాటిల్ మీద పిల్లవాడి బొమ్మ, పక్కనే సైడ్ ఎఫెక్ట్స్ లేవన్న మాట. మూడో వారంలో క్లాసులోనే పడిపోయాడు. మళ్లీ నాలుగు రోజులకు ఇంకోసారి.

ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు చీటీ మీద "మాత్రలు సరిగా వేసుకోవడం లేదు" అని రాశారు. మా అక్కను అందరి ముందూ అరిచారు. ఆమె ఖాళీ అట్టలన్నీ రబ్బరు బ్యాండు వేసి దాచుకునే మనిషి. "ఒక్క పూట కూడా తప్పలేదయ్యా" అంటూ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. డోసు 400కు పెంచి పంపారు. నేను బయట లేబొరేటరీలో డబ్బు కట్టి పరీక్ష చేయించాను. ఆ కొత్త డోసు మొదలుపెట్టక ముందు తీసిన రక్తంలో మందు 6 ఉంది. మాత్రలు సక్రమంగా మింగుతున్న పిల్లవాడిలో 14 ఉన్నది 6 అయిందంటే, మింగిన మందు ఎటో పోతున్నట్టే కదా సార్?

ఎటు పోతుందో చెబుతాను. ఫెనిటాయిన్‌ను విరిచి బయటకు పంపే పని లివర్‌లో ఎక్కువగా చేసేది సీవైపీ 2సీ9 అనే ఎంజైము. అది నిదానిస్తే మందు రక్తంలో పేరుకుంటుంది, ఊపందుకుంటే మందు ఎంత మింగినా నిలవదు. శంఖపుష్పి కలిసిన ఆయుర్వేద మందుతో ఫెనిటాయిన్ వాడేవాళ్లకు ఫిట్స్ తిరగబెట్టడం మన దేశంలోనే గమనించి, ఎలుకల మీద పరీక్షించి 1992లో అచ్చువేశారు. ఒక్క డోసుకు రక్తంలో మందు తగ్గలేదు. అదే పదేపదే ఇస్తే తగ్గింది. ఒక్క డోసుకు కాకుండా కొన్నాళ్లకు ప్రభావం కనిపించడం లివర్ ఊపందుకునే తీరుకు సరిపోతుంది. ఆ సిరప్ ఏ ఎంజైమును ఎంత కదిలిస్తుందో కచ్చితంగా తేలాల్సింది ఇంకా ఉంది గానీ, మందు పడిపోతుందన్న సంగతి మాత్రం తెలిసి ముప్పయ్యేళ్లు దాటింది. మీ శాఖ లైసెన్సిచ్చే బాటిళ్ల మీద ఆ ముక్క రాయించడానికి ఇంకెంత కాలం కావాలి?

మా గోడు అక్కడితో ఆగలేదు. పరీక్షలైపోయాయి, సిరప్ మానేశాడు. మానేసిన సంగతీ ఎవరూ అడగలేదు, తాగిన సంగతే తెలియని వాళ్లకు మానేసింది ఎలా తెలుస్తుంది లెండి. 400 మాత్రం అలాగే సాగింది. మూడు వారాలకు వాడు తాగుబోతులా తూలడం మొదలుపెట్టాడు. పక్కకు చూడమంటే కనుగుడ్లు అదురుతున్నాయి. బస్సు ఒకటి వస్తుంటే రెండు కనబడుతున్నాయన్నాడు. అన్నం నోట పెడితే వాంతి. అప్పుడు రక్తంలో మందు 34. ఈసారి చీటీ మీద ఏం రాశారో తెలుసా సార్? "ఎక్కువ మాత్రలు మింగినట్టుంది, విచారించవలెను." ముందేమో మింగలేదన్నారు, తర్వాతేమో ఎక్కువ మింగాడన్నారు. రెండుసార్లూ తప్పు మా అక్కదే అయింది.

ఫెనిటాయిన్‌కు ఒక గుణం ఉంది, అందుకే నా గోలంతా. చాలా మందులు ఎంత పెంచితే రక్తంలో అంతే పెరుగుతాయి. ఇది అలా కాదు. దీన్ని విరిచే ఎంజైము రోజుకు ఇంత అని ఒక హద్దు వరకే పని చేయగలదు. మావాడి అంకెలతో లెక్క కడితే, సిరప్ లేనప్పుడు వాడి లివర్ రోజుకు మహా అయితే 390 మిల్లీగ్రాముల దాకా వదిలించుకోగలదు. 300 వేస్తే 14 దగ్గర నిలబడుతుంది. సిరప్ తాగినన్నాళ్లూ ఆ హద్దు 500 దాకా లేచింది, అందుకే 400 వేసినా సరిపోయింది. సిరప్ ఆగింది, హద్దు మళ్లీ 390కి దిగింది, మాత్ర మాత్రం 400లోనే ఉంది. మా చెరువు తూము పట్టేదానికన్నా పై నుంచి వచ్చే నీరు ఎక్కువైతే కట్ట మీదకు రావడానికి తుఫాను అక్కర్లేదు, రోజులు గడిస్తే చాలు. ఇదీ అంతే. 300 నుంచి 400 అంటే మూడో వంతు పెంచామనుకుంటారు, రక్తంలో రెండింతలు దాటిపోయింది.

ఇక్కడ డాక్టర్లు పట్టుకోవాల్సిన గుర్తు ఒకటుంది. ఎంజైమును ఆపే మూలిక ప్రభావం ఆ రోజో మర్నాడో మొదలవుతుంది, ఎందుకంటే ఉన్న ఎంజైమునే అది అడ్డుకుంటుంది. ఊపందించేది అలా కాదు. లివర్ కొత్త ఎంజైము తయారు చేసుకోవాలి, దానికి వారం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. మూలిక మానేశాక ఆ అదనపు ఎంజైము అరిగిపోవడానికీ అంతే కాలం. అందుకే మొదలుపెట్టిన రోజు ఏమీ కాదు, మానేసిన రోజూ ఏమీ కాదు. ప్రమాదం ఆ తర్వాత తీరిగ్గా వస్తుంది, అప్పటికి మూలిక మాట అందరూ మరిచిపోతారు. "గత నెల రోజుల్లో ఏం మొదలుపెట్టావు, ఏం మానేశావు" అని అడగకపోతే దీన్ని పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

మిరియాలదీ పిప్పళ్లదీ రెండో దారి. వాటిలోని పైపరిన్ ఎంజైములను నిదానింపజేస్తుంది, పేగుల్లోంచి మందును ఎక్కువగా లోపలికి పోనిస్తుంది కూడా. గ్రాము మిరియాల పొడి వేసిన సూపుతో ఫెనిటాయిన్ ఇస్తే ఆరోగ్యవంతుల రక్తంలో మందు పెరిగిందని 2001లో వచ్చిన ప్రయోగం ఒకటుంది. అలాగని మిరియాల చారు మానమని నేను అనను. ఏళ్ల తరబడి తాగుతున్న చారుతో కలిపే వాళ్ల డోసు కుదిరి ఉంటుంది. నా భయం మిరియాలు, పిప్పళ్లు కలిసిన త్రికటు చూర్ణం ఉన్నట్టుండి మొదలుపెట్టే వాళ్లను చూసి, మోకాళ్ల నొప్పులకని పసుపు క్యాప్సూళ్లు కొనేవాళ్లను చూసి. ఆ క్యాప్సూళ్లలో చాలావాటికి పైపరిన్ కలుపుతారు, పసుపు ఒంటికి పట్టాలని. మరి పసుపును పట్టించేది పక్కనున్న మాత్రను పట్టించదా?

కనిగిరి వైపు కిడ్నీ బాధితుల సంగతి మీకు నేను చెప్పాలా? వాళ్లలో మార్పిడి చేయించుకున్నవాళ్లు, కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా కాపాడే టాక్రోలిమస్ మీద బతుకుతారు. దాన్ని విరిచేది సీవైపీ 3ఏ4 అనే ఇంకో ఎంజైము. పంపరపనస దాన్ని అడ్డుకుంటుంది, మందు విషమయ్యే దాకా పెరగొచ్చు. దిగులు పోవడానికని ఆన్‌లైన్లో అమ్మే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక ఆ ఎంజైమును పరుగులు పెట్టిస్తుంది. జ్యూరిక్‌లో గుండె మార్పిడి జరిగిన ఇద్దరికి ఆ మూలిక వాడాక రక్తంలో సైక్లోస్పోరిన్ అనే అలాంటి మందే పడిపోయి శరీరం కొత్త గుండెను తిరస్కరించడం మొదలుపెట్టిందని 2000లో లాన్సెట్‌లో వచ్చింది. మార్పిడి చేయించుకుని ఇంటికొచ్చే మనిషి చేతిలో పెట్టే కాగితంలో ఈ రెండు పేర్లూ తెలుగులో ఉండొద్దా?

2021లో కృష్ణపట్నం మందు కోసం రాష్ట్రమంతా కదిలొచ్చింది. అది విషమా కాదా అని పరీక్షలు చేశారు, కంటి చుక్కలు తప్ప మిగతాదానికి అనుమతిచ్చారు. రోజూ మింగే మాత్రల మీద అదేం చేస్తుందన్న మాట మాత్రం నాకెక్కడా వినబడలేదు. మూలికల మీద నాకు పగ లేదు సార్, మా దుర్గం కొండ నీడలో పుట్టినవాడిని. మూలికకు పవర్ లేదని కాదు నా మాట. ఉంది కాబట్టే అడగమంటున్నాను.

ఆ ఫారంలో ఒక్క గడి పెట్టించండి. ఓపీ చీటీలో ఒక్క వరస పెట్టించండి. జిల్లాకు ఒక్క చోటైనా ఫెనిటాయిన్ లెవెల్ పరీక్ష సర్కారు ఖర్చుతో చేయించండి, ఎందుకంటే మాత్ర మింగలేదని తల్లిని అరవడానికి ముందు చూడాల్సిన అంకె అదే. ఫిట్స్ తిరగబెట్టినప్పుడు డోసు పెంచే ముందు మూలికల సంగతి అడగాలని, మూలిక మానేస్తే నాలుగు వారాల్లోపు మళ్లీ రక్తం చూడాలని ఒక సర్క్యులర్ ఇప్పించండి. సిరప్ బాటిళ్ల మీద ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లకు హెచ్చరిక వేయించండి. అన్నీ కాకపోతే మానె, ఆ గడి ఒక్కటైనా పెట్టించండి.

మావాడు ఇప్పుడు మళ్లీ 300 మీదే ఉన్నాడు, తూలడం తగ్గింది. వాడి రెండు ఓపీ చీటీలూ, మూడు రక్త పరీక్షల రిపోర్టులూ పేరు కొట్టేసి జత చేశాను. ఒరిజినల్స్ కావాలంటే మీ ఆఫీసువాళ్లు ఎప్పుడు రమ్మంటే అప్పుడు విజయవాడకు తెచ్చి చూపిస్తాను. సరిగా వేసుకోవడం లేదని రాసిన ఆ చీటీని సరిదిద్ది ఇమ్మని మా అక్క అడుగుతోంది. దానికి ఎవరికి అర్జీ పెట్టుకోవాలో, అదొక్కటీ తమరు చెప్పగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ఫార్మసిస్టు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా