పాత నంబర్‌కి పోయిన 8,500

ఒరేయ్ మామా,

బెంగళూరుకి పోయి సిమ్ మార్చినా అని మెసేజ్ పెట్టినావు కదా, అది చూసిన కాడ్నించి నీకు ఇది రాయాలనుకుంటాన్నా. పోయిన నెల ఆదోనిలో ఉండే మా చిన్నాయనకి శెనక్కాయ విత్తనాలకని 8,500 ఫోన్‌పేలో కొట్టినా. కాంటాక్ట్స్‌లో ‘చిన్నాయన’ అని వెతికి పైన వచ్చినదాన్నే నొక్కినా, అది ఆయన ఏడాది కింద వదిలేసిన నంబర్. పిన్ కొట్టేముందు బ్యాంకులో ఉండే పేరు కనపడతాది. ఆ పేరు వేరే ఎవురిదో, నేను కాంటాక్ట్స్‌లో సేవ్ చేసుకున్న పేరు చూసి కొట్టేసినా.

సాయంత్రం చిన్నాయన డబ్బులు రాలేదన్నాక ఆ నంబర్‌కి చేసినా. ఎవురో పిల్లోడు, ‘అన్నా, ఇట్లా పొరపాటున డబ్బులేసినాం అని చెప్పి మోసం చేసేటోళ్లు శానామంది ఉండారు’ అని కట్ చేసినాడు. వానిది తప్పని నేననను, నేనైనా అట్లే చేస్తా. వదిలేసిన నంబర్‌ని కంపెనీవోళ్లు 90 రోజులైనాక వేరేవాళ్లకి ఇయ్యొచ్చు, ఆ పిల్లోడు దాంట్లో తన ఖాతాకి యూపీఐ పెట్టుకున్నాడు, అంటే ఆ నంబర్ ఇప్పుడు న్యాయంగా వానిదే. మనం పంపింది సక్సెస్ అయిపోయింది కాబట్టి ఎవురూ దాన్ని వెనక్కి లాగలేరు, వాడు ఒప్పుకోవల్ల.

అందుకే ఇంక వానికి ఫోన్ చేయడం మానుకోని, యాప్‌లో ఆ పేమెంట్ తెరిచి తప్పు ఖాతాకి పోయింది అని కంప్లైంట్ పెట్టినా, పొద్దున్నే కర్నూల్లో మా బ్రాంచికి పోయి కాగితం రాసిచ్చినా. దాంట్లో 12 అంకెల యూటీఆర్ నంబరు, తేదీ, టైమ్, మొత్తం, ఎవురికి పోవల్సింది ఎవురికి పోయింది అన్నీ రాసి స్క్రీన్‌షాట్ అంటించి, ముద్ర వేసిన కాపీ ఒకటి తీసుకున్నా. మా బ్యాంకోళ్లు ఆ పిల్లోని బ్యాంకుకి రాస్తే, వాళ్ల బ్రాంచి నుంచే వానికి ఫోన్ పోయింది. అప్పుడు నమ్మినాడు మామా! పదకొండో రోజు 8,500 నా ఖాతాలో పడింది.

వాడు ఒప్పుకోకపోయుంటే ఆ ముద్ర కాపీతో పోలీస్ స్టేషన్‌కి పోవల్సొచ్చేది, తనది కాదని తెలిసీ ఉంచుకోవడం నేరమే. మన బ్యాంకు 30 రోజుల్లో జవాబియ్యకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో పెట్టొచ్చు. మధ్యలో ఎవురైనా ‘డబ్బులు వెనక్కిస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు’ అంటే మాత్రం కొట్టొద్దురా, పిన్ కొడితే మన ఖాతాలోనించి పోతాది గానీ రాదు.

నువ్వు ఈ వారమే బ్యాంకుకి పోయి కొత్త నంబర్ ఎక్కించుకో, పాతదాని యూపీఐ తీసేయ్. నీకియ్యాల్సిన చీటీ డబ్బులు ఉండాయి కదా, కొత్త నంబర్‌కి ముందు ఒక్క రూపాయి కొడతా, అది నీకు చేరిందని నువ్వు ఫోన్ చేసి చెప్పినాకే మిగతాది.

నీ మామ,
కర్నూలు