ఆటస్థలం ఫీజు పెంపుపై కోశాధికారి సంజాయిషీ

గౌరవనీయులైన సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో మా ఊరి ఆటస్థలం గురించి వార్త వేశారు. ‘ఆడుకోవడానికీ పన్నా’ అని శీర్షిక. ఫీజు ఏడాదికి 600 నుంచి 1,200 చేస్తున్నారని రాశారు. అంతవరకు నిజమే. ఎందుకు పెంచుతున్నారో ఒక్క ముక్క లేదు. మీ విలేకరి నన్ను అడగలేదు, లెక్కల పుస్తకం చూడలేదు. గేటు దగ్గర వాకింగ్ చేసేవాళ్లు ఇద్దరు చెప్పింది రాసుకుని వెళ్లిపోయారు. ఆ ఇద్దరిలో ఒకాయన రెండేళ్లుగా ఫీజు కట్టలేదు, ఆ సంగతి ఆయనకీ నాకూ తెలుసు.

నాలుగు రోజులు ఊరుకున్నాను. ఊరుకున్నకొద్దీ ‘దొంగ లెక్కలట’ దాకా వచ్చింది. అందుకే రాస్తున్నాను. లేఖ మీ పేరున ఉన్నా చెప్పేది మా సభ్యులకే. నోటీసు బోర్డు మీద మూడు నెలలుగా అంటించిన కాగితం ఎవరూ చదవలేదు. మీ పత్రిక మాత్రం టీ కొట్టులో పొద్దున్నే పది చేతులు మారుతుంది.

600 అనేది 2016లో పెట్టిన ఫీజు. అప్పుడు కట్టే సభ్యులు 212 మంది. వచ్చేది 1,27,200, అయ్యే ఖర్చు సుమారు 98 వేలు. ఇంకా మిగిలేది. ఇప్పుడు కట్టేవాళ్లు 164 మంది. కుర్రాళ్లు చదువులకీ ఉద్యోగాలకీ హైదరాబాదు వెళ్లారు, కొందరు గల్ఫ్ వెళ్లారు, పెద్దవాళ్లు కొందరు లేరు. వచ్చేది 98,400. పోయిన ఏడాది ఖర్చు 1,60,800. తేడా 62,400. సభ్యులు తగ్గితే ఖర్చు కూడా తగ్గాలి కదా అని మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు. అడగదగ్గ ప్రశ్నే. కానీ 48 మంది మానేశారని గ్రౌండు ఆ మేరకు చిన్నదవదు. గడ్డి అంతే పెరుగుతుంది, వాన అంతే పడుతుంది, మాలి అదే గంటకు వచ్చి అదే గంటకు వెళ్తాడు.

ఆ 1,60,800 ఎక్కడికి పోయిందంటే, సగానికి పైగా మాలికే. నెలకు 7,000, ఏడాదికి 84,000. 2016లో ఇచ్చింది 3,500. పెరిగిన ఖర్చులో మూడింట రెండొంతులు ఇదే. ‘అంత ఇవ్వాలా’ అన్నవాళ్లకు ఒకటే మాట. రొయ్యల చెరువు కాపలాకు వెళ్తే ఇంతకంటే ఎక్కువే ఇస్తారు, ఆయన మన మొహం చూసి ఉన్నాడు. కరెంటు 31,200. మన మీటరు దుకాణాల కేటగిరీలో ఉంది, మోటారు నడవని నెల కూడా లోడు చార్జీ పడుతుంది. నెట్లు, సున్నం, రోలర్ డీజిలు, గడ్డి కోత 22,000. మోటారు కాలిపోతే రివైండింగు 6,800. చివరిది కాలవ తవ్వకం, 16,800. అందరికీ కళ్లు ఎర్రబడింది దీని మీదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి.

మనది నల్లరేగడి. ఈ డెల్టాలో పుట్టినవాడికి ఆ మట్టి గురించి చెప్పక్కర్లేదు అనుకుంటాను, కానీ మాటలు వింటుంటే చెప్పాలనే అనిపిస్తోంది. ఎండాకాలం వేలు దూరేంత నెర్రెలు ఇస్తుంది. మొదటి వాన నీళ్లన్నీ ఆ నెర్రెల్లోకి పోతాయి, అబ్బో బాగా ఇంకుతోంది అనుకుంటాం. రెండో వానకు మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుపోతాయి. ఆ తర్వాత చుక్క దిగదు. పైన పడిన నీరు పక్కకు జారిపోవాలి, లేదంటే ఎండకు ఆవిరవ్వాలి. పోయిన సార్వాలో మన గ్రౌండులో పదకొండు రోజులు నీళ్లు నిలిచాయి. క్రికెట్ లేదు, వాలీబాల్ లేదు, వాకింగ్ కూడా లేదు. అప్పుడు కమిటీ నిద్రపోతోందా అని నన్ను తిట్టినవాళ్లే ఇప్పుడు కాలవ తవ్వకానికి అంత ఎందుకు అంటున్నారు.

గ్రౌండు చుట్టూ కాలవ సుమారు 400 మీటర్లు. జేసీబీ గంటకు 1,400. వానలకు ముందు ఆరు గంటలు, తుఫానుల కాలానికి ముందు ఆరు గంటలు. ఒకసారి తవ్వితే చాలదా అంటే చాలదు. నల్లమట్టి గట్లు తడికి జారి కాలవలో కూలతాయి, పైన తుంగ పట్టేస్తుంది, దాని మీద మన పెళ్లిళ్ల ప్లాస్టిక్ గ్లాసులు చేరతాయి. కాలవ శుభ్రంగా ఉన్నా నీరు పోవాల్సింది ఊరి కోడులోకి. ఆ కోడులో గుర్రపుడెక్క పరుపులా పేరుకుపోయింది. పైగా మనం సముద్రానికి దగ్గర. పోటు మీద కోడు నీరు కదలదు, ఆటు వచ్చాకే లాగుతుంది. ఆ కాసేపట్లో నీరు దిగాలంటే దారిలో అడ్డం ఉండకూడదు. కోడు ఎవరిదని పంచాయతీలో అడిగితే ఇరిగేషన్ వాళ్లది అన్నారు. అక్కడికెళ్తే డ్రైనేజీ వాళ్లది అన్నారు. డ్రైనేజీ ఆఫీసులో ఒక సారు ఓపిగ్గా మ్యాపు తీసి, వేలు పెట్టి చూపించి, ఇది ఊరి కోడు, పంచాయతీదే అన్నారు. బస్సు ఖర్చు నాదే లెండి, లెక్కల్లో రాయలేదు. గ్రౌండులో వ్యాయామం సామాను పెట్టినప్పుడు మాత్రం ఆ ఆఫీసులన్నిటి నుంచీ వచ్చి ఫొటో దిగారు. ఆ సామాను తుప్పు పట్టి రెండేళ్లయింది.

ఇసుక గురించి కూడా చెప్పాలి. గుంటల్లో రెండు ట్రాక్టర్ల ఇసుక పోస్తే సరిపోయేదానికి ఇంత రాద్ధాంతమా అంటున్నారు. 2019లో అదే చేశాం, వద్దన్నా వినలేదు. నల్లమట్టిలో గుంటను ఇసుకతో నింపితే గిన్నెలో ఇసుక పోసినట్టే. నీరు ఇసుకలోకి దిగుతుంది, కింద మట్టి దాన్ని పోనివ్వదు. పైకి ఆరినట్టు కనిపిస్తుంది, కాలు పెడితే మడమ దిగబడుతుంది. వాలీబాల్ కోర్టు పక్కన ఇప్పటికీ ఆ మచ్చ ఉంది, వెళ్లి చూడండి. సరైన పని గ్రౌండు మధ్యను మెరక చేయడం. నూటికి ఒకటి వాలు చాలు. మన గ్రౌండు వెడల్పు 80 మీటర్లు, అంటే నడుమ నుంచి అంచుకు 40 మీటర్లలో 40 సెంటీమీటర్లు దిగాలి. మోకాలి ఎత్తు కూడా కాదు, కానీ గ్రౌండంతా ఆ మట్టి పోయాలంటే మన ఫీజులతో అయ్యే పని కాదు. అందుకే దాన్ని ఈ 1,200లో కలపలేదు. ఎప్పుడైనా దాతలు దొరికితే వేరుగా అడుగుతాం.

రోలర్ వాడడం లేదన్నది ఇంకో ఫిర్యాదు. వాడుతున్నాం, రోజూ వాడం, అంతే. గుప్పెడు మట్టి తీసి ఉండ చేయండి. చేతికి జిగటగా అంటుకుంటే తడి ఎక్కువ, అప్పుడు రోలర్ తోలితే పైపొర అచ్చుపోసినట్టు బిగుసుకుని పిచ్ పెచ్చులు లేస్తుంది. పొడి పొడిగా రాలిపోతే ఆలస్యమైనట్టు, ఎంత తోలినా డీజిలు దండగ. ఉండ నిలిచి, వేలితో నొక్కితే విరిగితే అదీ అదను. ఆ అదను వాన వెలిశాక ఒకటి రెండు రోజులే ఉంటుంది. మాలికి అది తెలుసు. ఫోన్ చేసి ఇవాళే తోలు అని గద్దించే సభ్యులకు తెలియదు.

ఎండాకాలం నీళ్ల సంగతి కూడా అంతే. కాలువలు కట్టేశాక బోరే దిక్కు. మన బోరు నీళ్లు ఉప్పన, పిచ్ మీద తెల్లపొర కడుతుంది. ఆ ఉప్పుకు మట్టి మరింత గట్టిపడి గడ్డి ఎండుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో తడి తగ్గిస్తున్నాం, మోటారు పాడైందని కాదు.

గ్రౌండు అందరిదీ అన్నప్పుడు ఇంకో ఇద్దరి సంగతి చెప్పకపోతే పక్షపాతం అంటారు. సార్వా కోతలకు ధాన్యం ఆరబోసేది మన గ్రౌండులోనే. తేమ 17 శాతం దాటితే కొనరు, రైతు ఎక్కడ ఆరబెట్టుకుంటాడు? ఆరబెట్టుకునేది మన బావలూ బాబాయిలే. నేను కాదనను. కానీ పదునుగా ఉన్న నేల మీదకి ట్రాక్టరు దిగితే పడిన చాళ్లు ఎండాక ఇటుకల్లా గట్టిపడతాయి. ట్రాక్టరు గేటు దగ్గర ఆపి బస్తాలు మోసుకుంటే చాలని రెండేళ్లుగా అడుగుతున్నాను. ఇక సంక్రాంతికి మూడు రోజులు కార్లు నిలబెట్టేవాళ్లు. ఆ మూడు రోజుల్లో పక్క తోటలో కోడి కాలికి కట్టి ఎంత ఎగరేస్తారో నేను లెక్క రాయక్కర్లేదు. గ్రౌండుకు ఏడాదికి 600 ఇవ్వడానికి మాత్రం చిల్లర లేదంటారు.

మరి 1,200 ఎందుకు, 1,100 చాలదా అంటే, 1,60,800కు మోటారు మార్పిడికి పక్కన పెట్టాల్సిన 20,000 కలిపితే 1,80,800. 164తో భాగిస్తే 1,100 చిల్లరే. కానీ పెంచిన ఏడాది కొందరు మానేస్తారు, 2016లోనూ మానేశారు. 150 మంది నిలిస్తే 1,200 చొప్పున 1,80,000 వస్తుంది. 800 తక్కువ, అది నేను చూసుకుంటాను. 1,100 పెట్టి పదిమంది పోతే వచ్చే ఏడాది మళ్లీ పెంచాలి, మళ్లీ మీ పత్రికలో వార్త.

ఇన్నాళ్లూ లోటు ఎలా పూడింది? డిపాజిట్ కరిగించి. దాతలు ఇచ్చిన 3,10,000లో ఇప్పుడు మిగిలింది 64,000. ఇంకో ఏడాది ఇలాగే నడిపితే 1,600 ఉంటుంది. నా తర్వాత వచ్చే కోశాధికారికి ఆ పుస్తకం చేతిలో పెట్టే ధైర్యం నాకు లేదు.

రోజుకు టీ ఖర్చు కూడా కాదని రాయమని కమిటీలో సలహా ఇచ్చారు. రాయను. పింఛను మీద బతికే పెద్దాయనకు 1,200 ఒకేసారి అంటే కష్టమే, నాకు తెలుసు. అందుకే రెండు వాయిదాలు పెట్టాం. సంక్రాంతి తర్వాత 600, దాళ్వా డబ్బు చేతికొచ్చాక 600. పదో తరగతి లోపు పిల్లలకు ఎప్పటిలాగే ఏమీ లేదు. పుస్తకాలు, రసీదులు లైబ్రరీలో పెట్టాను. ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా అక్కడే ఉంటాను. మీ విలేకరి కూడా రావచ్చు, ఈసారి టీ నేనే ఇప్పిస్తాను.

ఈ లేఖ ముగిస్తుండగా మాలి కబురు పంపాడు. మోటారు మళ్లీ కాలిపోయిందట. రివైండింగుకు పంపమన్నాను. డబ్బు ప్రస్తుతానికి నా జేబులోంచి ఇస్తున్నాను, రసీదు ఫైల్లో ఉంటుంది.

ఇట్లు,
ఒక ఊరి ఆటస్థలం కోశాధికారి,
కోనసీమ