మా పాత ఇంటి వైరింగ్‌కు మీరిచ్చిన గ్రీన్ రిపోర్టు గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

రాజమండ్రి దానవాయిపేట నుంచి రాస్తున్నాను. ఇప్పటికి మీ వాళ్ళకి పదకొండు సార్లు ఫోన్ చేశాను, మూడు మెయిల్స్ పెట్టాను, మీ బ్రాంచికి రెండుసార్లు స్వయంగా వెళ్ళాను. ఒక్కరు కూడా నేను చెప్పేది చివరిదాకా వినలేదు. కాగితం మీద పెడితేనైనా ఎవరో ఒకరు చదువుతారని రాస్తున్నాను.

మా ఇల్లు 1969లో నాన్నగారు కట్టించినది. గోడలకి, దూలాలకి టేకు బద్దలు కొట్టి, వాటి మీద రబ్బరు తొడుగు వైర్లు పరిచి, రేకు క్లిప్పులతో బిగించిన వైరింగ్. ఈ వేసవిలో ఇల్లు బాగు చేయించాలనుకున్నాం. వంటగది మార్చి, రెండు గదుల్లో ఏసీలు పెట్టి, హాల్లో ఫాల్స్ సీలింగ్ వేయించాలి. పని మొదలుపెట్టే ముందు వైరింగ్ చూపించుకోవాలని మీకు 4,500 రూపాయలు కట్టాను. ఎనిమిదేళ్ళుగా మా ఇంటి రంగులు, నీళ్ళ పైపులు అన్నీ మీ చేతే చేయించాను. మా చెల్లెలికి, ఇద్దరు కొలీగ్స్‌కి మీ పేరు చెప్పింది నేనే. ఆ నమ్మకంతోనే మళ్ళీ మిమ్మల్ని పిలిచాను.

జూన్ 6న మీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఉన్నది ఇరవై నిమిషాలు. ఏ బోర్డుకీ స్క్రూ విప్పలేదు. ఫోన్‌తో ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. మూడో రోజు రిపోర్టు వచ్చింది. అందులో ‘వైరింగ్ సంతృప్తికరం’ అని ఆకుపచ్చ గుర్తు. మీ రసీదులో మాత్రం ‘లోడ్ లెక్క, ఇన్సులేషన్ టెస్ట్’ అని ఉంది. రెండూ నా దగ్గరే ఉన్నాయి.

రిపోర్టు చూసి సంతోషించాం. అదే వారం హాల్లో బల్బు మార్చడానికి హోల్డర్ విప్పితే, వైరు తొడుగు నా వేళ్ళ మధ్యే పొడిపొడిగా రాలింది. పైన నూలు అల్లిక బాగానే కనిపిస్తోంది, లోపల రబ్బరు మాత్రం నల్లటి పెంకుల్లా ఊడిపోయింది. అంగుళం మేర రాగి తీగ బయటికొచ్చింది. పక్కనే టేకు బద్ద ఉంది. మెయిన్ ఆఫ్ చేసి ఉండబట్టి సరిపోయింది.

ఆ రోజే మీ నంబరుకి ఫోన్ చేశాను. నాలుగు సార్లు బటన్లు నొక్కించుకుని, పధ్నాలుగు నిమిషాలు పాట వినిపించాక ఒక అమ్మాయి ఎత్తింది. విషయమంతా చెప్పాను. ‘సార్, మీ రిపోర్టు గ్రీన్‌లో ఉందండి’ అంది. ‘అమ్మా, వైరు నా చేతిలోనే రాలిపోయింది’ అన్నాను. ‘సిస్టంలో గ్రీన్ చూపిస్తోందండి, కంప్లయింట్ రైజ్ చేస్తాను’ అని పెట్టేసింది. నాలుగు గంటల్లో నా ఫోన్‌కి ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. మాకు ఫోన్ చేయకుండా, ఇంటికి రాకుండా ఎవరు పరిష్కరించారు? దాని కిందే రేటింగ్ ఇవ్వమని లింకు.

మర్నాడు మళ్ళీ చేశాను. ఈసారి ఒక అబ్బాయి. పాత కంప్లయింట్ మూసేశారు కాబట్టి కొత్తది పెట్టాలన్నాడు. పెట్టాను. మొత్తం కథ మళ్ళీ చెప్పాను. ‘ఇది బ్రాంచి పరిధి సార్’ అన్నాడు. బ్రాంచికి వెళ్తే, కంప్యూటర్ ముందు కూర్చున్నతను నా ముఖం కూడా చూడకుండా ‘ఇన్‌స్పెక్షన్ హైదరాబాద్ టీం చూసుకుంటుంది’ అన్నాడు. హైదరాబాద్ నంబరుకి చేస్తే బ్రాంచికి వెళ్ళమన్నారు. రెండోసారి బ్రాంచికి వెళ్ళినప్పుడు మా అమ్మని కూడా తీసుకెళ్ళాను. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. ఇంటి సంగతి ఆవిడే చెప్తే వింటారేమోనని. గంటన్నర కూర్చోబెట్టి, మేనేజర్ మీటింగ్‌లో ఉన్నారని పంపించేశారు. ఆవిడకి కనీసం మంచినీళ్ళు ఇచ్చిన వాళ్ళు లేరు.

ఇక మీ సీనియర్ అని ఒకాయన ఫోన్ చేశారు. ‘మీ ఇంట్లో ఎప్పుడైనా ఫ్యూజు పోయిందా సార్?’ అని అడిగారు. ఇరవై ఏళ్ళుగా పోలేదన్నాను. ‘అంటే వైరింగ్ బాగున్నట్టే కదండీ’ అన్నారు. ఆ మాట దగ్గరే నాకు సహనం పోయింది. ఎందుకంటే అప్పటికే మా వీధిలో కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన పెద్దాయన వచ్చి మా ఫ్యూజు బోర్డు చూశారు. మీ వాళ్ళు తెరవని బోర్డు.

అందులో జరిగింది చెప్తాను, మీ సీనియర్‌కి వినిపించండి. పింగాణీ ఫ్యూజు పట్టీ మీద 5 ఆంపియర్లు అని ఉంది. లోపల ఫ్యూజు వైరు బదులు ఎవరో ఎప్పుడో ఫ్యాన్ వైరులోంచి రాగి పోగులు మెలేసి బిగించారు. ఆ మెలిక 5 ఆంపియర్లకి కాదు, దానికి ఎన్నో రెట్లు కరెంటు పోయినా కాలదు. అందుకే ఇరవై ఏళ్ళుగా ఫ్యూజు పోలేదు. ఫ్యూజు పోవాల్సిన చోట వైరు వేడెక్కుతూ వచ్చింది.

ఆ వైరు లైట్లకి, ఫ్యాన్లకి వేసిన 1/18 వైరు, అంటే మిల్లీమీటరు పైన కొద్దిగా మందం ఉన్న ఒంటి రాగి తీగ. దాన్ని వేసిన రోజున ఇంట్లో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు ఉండేవి. తర్వాత బాత్రూం లైటు పాయింటు నుంచే గీజరుకి లైను లాగారు. ఇస్త్రీ పెట్టె ప్లగ్గూ అదే సర్క్యూట్ మీద ఉంది. గీజరు 2000 వాట్లు, ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు. రెండూ ఒకేసారి వేస్తే 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతాయి. 5 ఆంపియర్లకి వేసిన వైరులో 13 పోతే వేడి రెండున్నర రెట్లు కాదు, దాదాపు ఏడు రెట్లు పెరుగుతుందని ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందట. ఏళ్ళ తరబడి ఆ వేడికి, గాలికి రబ్బరు మెత్తదనం పోయి పెళుసవుతుంది. అది ముందు వైరు చివర్లలో, బల్బు హోల్డర్ల దగ్గర, స్విచ్ బోర్డుల లోపల మొదలవుతుంది. మధ్యలో వైరు ఇంకా మెత్తగానే ఉంటుంది. బయటి నుంచి ఫోటో తీస్తే తెలియనిది అందుకే. ఇస్త్రీ చేస్తున్నప్పుడు హాల్లో లైటు మసకబారడం, గీజరు స్విచ్ చుట్టూ గోధుమరంగు మచ్చ, బోర్డు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండడం, ఇవన్నీ మా ఇంట్లో ఉన్నాయి. మీ ఇన్‌స్పెక్టర్ అడిగి ఉంటే మా ఆవిడే చెప్పేది.

పెద్దాయన వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటరు, మెగ్గర్ తెచ్చుకున్నారు. మెయిన్ తీసేసి, బల్బులు విప్పి, ఫ్రిజ్, టీవీ ప్లగ్గులు పీకి, స్విచ్‌లన్నీ ఆన్ చేసి, 500 వోల్టుల మీద పెట్టి ఒక్కో సర్క్యూట్ చూశారు. కనీసం ఒక మెగా ఓం రావాలన్నారు. బాత్రూం వైపు సర్క్యూట్ 0.15 చూపించింది. చెమ్మ గోడ మీంచి వెళ్ళే లైను అది. కానీ నన్ను భయపెట్టింది హాలు సర్క్యూట్. తొడుగు రాలిపోయిన ఆ లైనే 20 మెగా ఓంలు చూపించింది. తీగకి ఏదీ తగలకుండా గాల్లో ఉంటే, తొడుగు లేకపోయినా మీటరు బాగానే చూపిస్తుందట. ‘మీటరొక్కటే నమ్మకూడదు, కళ్ళతో ఒక్కటే చూసి వదలకూడదు. విప్పి చూడాలి, పెట్టి చూడాలి’ అన్నారు. వైర్లని గట్టిగా వంచనివ్వలేదు కూడా. వంచితే బాగున్న చోట కూడా పగులు వస్తుందట. ఆయన ఒక్క రూపాయి తీసుకోలేదు. మధ్యాహ్నమంతా మా ఇంట్లో నిచ్చెన మీదే ఉన్నారు.

ఈ అంకెలన్నీ మెయిల్‌లో రాసి పంపాను. మీ వాళ్ళ జవాబు రెండు లైన్లు. ‘మా తనిఖీ కంటితో చూసేది మాత్రమే, నిబంధనల్లో ఉంది.’ మరి రసీదులో ఇన్సులేషన్ టెస్ట్ అని ఎందుకు రాశారు?

చివరికి మీ ఇన్‌స్పెక్టర్ నంబరు సంపాదించి నేనే ఫోన్ చేశాను. ఆ పిల్లవాడు మర్యాదగానే మాట్లాడాడు. ‘సార్, ఆ రోజు నాకు ఎనిమిది ఇళ్ళు ఇచ్చారు. మెగ్గర్ మాకు ఇవ్వలేదు’ అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. రోజుకి ఎనిమిది ఇళ్ళు ఇచ్చిన వాళ్ళ మీద ఉంది. చేతిలో మీటరు లేని మనిషి చేత టెస్ట్ చేసినట్టు రిపోర్టు రాయించిన వాళ్ళ మీద ఉంది.

ఇక మీ రిపోర్టు వల్ల మాకు జరుగుతున్నది వినండి. మా కాంట్రాక్టర్ అది చూసి, ‘కంపెనీ బాగుందని రాసింది కదండీ’ అంటూ ఎస్టిమేట్‌లోంచి కొత్త వైరింగ్ తీసేశాడు. హాల్లో పాత బద్దల మీదే జిప్సం సీలింగ్ కప్పేస్తానంటున్నాడు. అలా కప్పితే ఆ వైర్లు ఇక ఎవరికీ కనిపించవు, వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు. గోడలు చెక్కేటప్పుడు సుత్తి దెబ్బలకి మిగిలిన తొడుగు కూడా రాలుతుంది. పని ఆపించాను. కూలీలకి నాలుగు రోజుల డబ్బులు ఊరికే కట్టాను. మా అమ్మ తన గదిలో ఫ్యాన్ వేసుకోవడానికి భయపడుతోంది. రాజమండ్రి జూన్ ఎండ మీకు తెలుసో తెలియదో.

నాకు మీ 4,500 తిరిగి రావాలి. ఆ ఆగిపోయిన రోజుల కూలీ కూడా మీరే కట్టాలి. అంతకంటే ముందు ఆ గ్రీన్ రిపోర్టు తప్పని, దాన్ని వెనక్కి తీసుకున్నామని మీ సంతకంతో కాగితం కావాలి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో వచ్చి, ప్రతి బోర్డూ విప్పి, ఏ సర్క్యూట్ మీద ఎంత లోడ్ ఉందో రాసివ్వాలి. ఏడు రోజులు చూస్తాను. ఎనిమిదో రోజు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మీ రసీదు, మీ రిపోర్టు, నేను చేసిన పదకొండు కాల్స్ లిస్టు అన్నీ జత చేస్తాను. ఈ వీధిలో ఇంకా ఆరు పాత ఇళ్ళున్నాయి. వాళ్ళందరికీ ఈ లేఖ కాపీ ఇస్తున్నాను.

దీనితో పాటు ఒక చిన్న కవరు పెట్టాను. అందులో ఉన్నది మా హాల్లోంచి తీసిన వైరు ముక్క. కింద తెల్ల కాగితం పరచుకుని విప్పండి, పొడి రాలుతుంది.

ఇట్లు,
ఎనిమిదేళ్ళ మీ కస్టమర్,
దానవాయిపేట, రాజమండ్రి