బిల్లులో 128 జీబీ, కార్డులో 7 జీబీ: నకిలీ సరుకుపై ఫిర్యాదు

విజయనగరం,
18-11-2024

సరఫరా విభాగం మేనేజరు గారికి,

విషయం: నకిలీ మెమరీ కార్డులు, పెన్‌డ్రైవ్‌లు వచ్చినందుకు డబ్బు వాపసు కోరడం గురించి

అయ్యా,

గంటస్తంభం దగ్గరున్న మా దుకాణానికి మీరు పంపిన పెట్టెలో 128 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డులు 20, 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు 10 ఉన్నాయి. వాటిలో 5 కార్డులు, 2 పెన్‌డ్రైవ్‌లు మాత్రమే విప్పి చూశాం. మిగతావాటి సీలు ముట్టుకోలేదు. విప్పిన కార్డుల్లో 4 నకిలీవి, ఒకటి అసలుది. అన్నీ ఒకే బ్రాండు పేరుతో, ఒకే పెట్టెలో వచ్చాయి. అంటే మీ దగ్గరికి చేరేలోపో, మీ గోదాములోనో అసలు సరుకులో నకిలీది కలిసింది.

ముందుగా పట్టిచ్చింది లేబులే. నాలుగు కార్డుల మీదా మైక్రో ఎస్‌డీ గుర్తు పక్కన హెచ్‌సీ అని ఉంది. ఎస్‌డీ ప్రమాణంలో హెచ్‌సీ 32 జీబీ దాకానే. ఆపైన 2 టీబీ వరకు ఎక్స్‌సీ అని ఉండాలి. 128 అంకె ఉన్న కార్డు మీద హెచ్‌సీ ఉందంటే, ఏదో చిన్న కార్డు లేబులు తీసుకుని అంకె ఒక్కటే మార్చారన్నమాట. ఐదో కార్డు మీద ఎక్స్‌సీ సరిగ్గానే ఉంది. భూతద్దంలో చూస్తే నకిలీవాటి మీద చిన్న అక్షరాల అంచులు చెదిరి, లోపలి ఖాళీల్లోకి రంగు పాకింది. కార్డు పక్కనున్న గాడి దగ్గర ప్లాస్టిక్ పొరలు లేచి గోటికి తగులుతున్నాయి. అయితే అచ్చు, రంగు తేడా ఒక్కటే చూసి నకిలీ అని తేల్చేయం. అసలు కంపెనీలు కూడా ఫ్యాక్టరీని బట్టి వాటిని మారుస్తాయి. హెచ్‌సీ గుర్తుకు మాత్రం ఆ సాకు చెల్లదు.

ప్యాకింగ్ సంగతి. ఐదో కార్డు ప్లాస్టిక్ కవరు అట్టకు వేడితో అతికించి ఉంది, కత్తెర పెట్టనిదే రాలేదు. నకిలీవి జిగురుతో అంటించినవి, వేలితో లాగితే అట్ట చిరగకుండానే విడిపోయాయి. వెనుక దిగుమతిదారు పేరు, చిరునామా గానీ, తయారైన నెల, సంవత్సరం గానీ, వినియోగదారుల ఫోన్ నంబరు గానీ లేవు. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ఇవన్నీ ఉండి తీరాలి. దిగుమతి సరుకుకు ఈ వివరాలు విడిగా స్టిక్కరు మీద వేసినా మాకు అభ్యంతరం లేదు. ఇక్కడ ఆ స్టిక్కరు కూడా లేదు.

అసలు పరీక్ష కార్డును నింపి తిరిగి చదివే H2testw అనే ప్రోగ్రాముతో చేశాం. కంప్యూటర్లో కార్డు సైజు చూసి సరిపెట్టుకోమని మీ ప్రతినిధి ఫోన్లో చెప్పారు గానీ, దానికి విలువ లేదు. నకిలీ కార్డు లోపలి కంట్రోలర్‌కు అబద్ధం నేర్పి పంపుతారు కనుక, అసలు 128 జీబీ కార్డు కంప్యూటర్లో చూపే 119 జీబీనే అదీ చూపిస్తుంది. మొత్తం జాగా నింపి తిరిగి చదివిస్తేనే గుట్టు బయటపడుతుంది. యూఎస్‌బీ 3.0 రీడర్‌లో పెట్టి నింపితే ఐదో కార్డుకు గంట పట్టింది, ఒక్క తప్పూ రాలేదు. నకిలీదానికి దాదాపు 6 గంటలు పట్టింది. చివర్లో 7.3 జీబీ మాత్రమే బాగుందని, మిగతాదానికి `DATA LOST` అని వచ్చింది. నాలుగింటిదీ ఇదే వరస.

దీని దెబ్బ ఆలస్యంగా తగులుతుంది, అదే మా భయం. ఫైళ్ల పేర్ల పట్టిక కార్డు మొదట్లోనే ఉంటుంది కాబట్టి 7 జీబీ దాటాక తీసిన వీడియోలు కూడా పేరుతో, సైజుతో చక్కగా కనిపిస్తాయి. తెరిస్తే తెరుచుకోవు. సిరిమానోత్సవమో, పెళ్లో తీసిన వీడియోగ్రాఫరు మళ్లీ ఎక్కడ తీస్తాడు?

పెన్‌డ్రైవ్‌ల విషయం పొట్టిదే. రెండింటి మీదా యూఎస్‌బీ 3.0 అని ఉంది, లోపల నీలం ప్లాస్టిక్ కూడా ఉంది. కానీ ఆ నాలుక మీద ముందువైపు నాలుగు రేకులే ఉన్నాయి. వెనుకగా ఉండాల్సిన మరో ఐదు లేవు. అవి లేకుండా 3.0 వేగం రాదు. నీలం రంగు ఎవరైనా వేయగలరు.

కాబట్టి 20 కార్డులకు, 10 పెన్‌డ్రైవ్‌లకు కట్టిన మొత్తం సొమ్ము 15 రోజుల్లో వాపసు చేయండి. ఐదో కార్డు బాగుంది గదా, దాన్ని ఉంచుకోండి అంటే ఒప్పుకోం. సీలు తీయనివాటిలో ఏది అసలుదో బయటినుంచి చెప్పలేం. నకిలీ కార్డుల్లో రెండు, ఒక పెన్‌డ్రైవ్, వాటి ప్యాకింగ్ అట్టలతో సహా ఈ లేఖతో పంపుతున్నాం. మిగతా సరుకు, పరీక్ష ఫలితాల ఫోటోలు, విప్పేటప్పుడు తీసిన వీడియో మా దగ్గరే ఉంటాయి. ఈ లాటు మీకు ఎవరి నుంచి వచ్చిందో కొనుగోలు బిల్లు నకలు కూడా పంపండి. గడువులోగా జవాబు రాకపోతే ఇవే ఆధారాలతో బ్రాండు యజమాని కంపెనీకీ, జిల్లా తూనికలు కొలతల అధికారికీ రాస్తాం.

ఇట్లు,
దుకాణం యాజమాన్యం

జతచేసినవి: బిల్లు నకలు, పరీక్ష ఫలితాల ప్రింట్లు 4, కార్డులు 2, పెన్‌డ్రైవ్ 1