అట్ట ముందువైపే కాదు, వెనుకవైపు కూడా అచ్చువేయండి

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో తీరిక లేనివారి ఫిట్‌నెస్ అల్పాహారం గురించి వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఓపిక పట్టాను. అయితే ఆ పేజీ పక్కనే అదే రకం బిస్కెట్ల ప్రకటన ఉందని మా ఆవిడ చూపించాక ఇక ఊరుకోలేకపోయాను. పొద్దున టిఫిన్‌కు బదులు ప్రోటీన్ బారు, సాయంత్రం మసాలా ఓట్స్ తినమని మీ వ్యాసకర్త సెలవిచ్చారు. ఆ పొట్లాల వెనుకవైపు ఆయన ఎప్పుడైనా చూశారో లేదో గాని, నేను చూశాను.

బెంజి సర్కిల్ దగ్గర ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి జిమ్ నుంచి వస్తూ రోజూ ఒక బారు తింటున్నాడు. ఖరీదు 120 రూపాయలు. ముందువైపు ‘20 గ్రాముల ప్రోటీన్’, ‘చక్కెర కలపలేదు’ అని గోడమీది రాతలంత అక్షరాలు, సగం అట్టను ఆక్రమించిన బాదం పలుకుల బొమ్మ. వెనుకవైపు చీమ తలకాయలంత అక్షరాలను భూతద్దం పెట్టి చదివితే వరసగా సోయా ప్రోటీన్ ఐసొలేట్, మాల్టిటాల్ సిరప్, పామాయిల్, గ్లిసరిన్, ఎమల్సిఫయర్ 322, తీపికి సుక్రలోజ్, ఆపైన కృత్రిమ వెనీలా ఫ్లేవర్ కనిపించాయి. బరువులో ఎక్కువున్న దానిని ముందు రాయాలన్నది నిబంధన. ఆ లెక్కన బాదం ఎక్కడో చివర, 2 శాతం. చక్కెర కలపలేదన్న మాట అబద్ధమేమీ కాదు, దాని స్థానంలో మాల్టిటాల్ అనే మరో తీపి పదార్థం ఉంది. అందులోనూ కేలరీలు ఉన్నాయి, రక్తంలో గ్లూకోజును అది కొంత పెంచుతుంది, ఎక్కువైతే కడుపు ఉబ్బిస్తుంది. జిమ్‌కు వెళ్లొచ్చాక గ్యాస్ పడుతోందని మావాడు వాపోయింది అందుకేనని నా అనుమానం.

ఇలా కర్మాగారంలో అతిగా మార్చి తయారుచేసే అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారాన్ని గుర్తుపట్టడానికి చూడవలసింది కేలరీల పట్టిక కాదు, ఈ జాబితాయే. ఐసొలేట్, మాల్టోడెక్స్‌ట్రిన్, గ్లూకోజ్ సిరప్ వంటి ఏ ఇంటి వంటగదిలోనూ దొరకని సరుకులు గాని, రుచిని, రంగును, తీపిని నటింపజేసే ఫ్లేవర్లు, కృత్రిమ తీపి పదార్థాలు గాని అందులో ఉంటే అది ఆ కోవలోనిదే. కలిపిన పదార్థానికి గుర్తుగా వేసే అంకె కనిపించగానే బెదరనక్కరలేదు: 500 అంటే మన వంటసోడా, 300 అంటే సి విటమిన్. ప్యాకెట్టులో ఉన్నంతమాత్రాన పాలూ అటుకులూ ఈ కోవలోకి రావు. ఉత్త ఓట్స్ వేరు, మసాలా ఓట్స్ వేరు.

ఫిట్‌నెస్‌కు దీనితో ఏం పని అని మీ వ్యాసకర్త అడగవచ్చు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 20 మందికి రెండు వారాలు ఇటువంటి ఆహారం, రెండు వారాలు మామూలు వంట పెట్టి చూశారు. వడ్డించిన దానిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగానే ఉంచి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, బరువు కిలోకు దగ్గరగా పెరిగారు. గబగబా తిన్నారని కూడా తేలింది. 70 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 300 పైచిలుకే కదా! నలుగురికీ తెలిసిన ఈ సంగతి మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు.

ఇక అధికారుల సంగతి. ఆహారం ఎంత ఆరోగ్యకరమో చెప్పే నక్షత్రాలు పొట్లం ముందువైపు వేయిస్తామని ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో ముసాయిదా తెచ్చింది. అందులో చక్కెరకు తగ్గిన మార్కులను కాస్త ప్రోటీన్, పీచు కలిపి పూడ్చుకోవచ్చు. పరీక్షలో తప్పినవాడికి దస్తూరీ బాగుందని మార్కులు వేసినట్టు. ఈ ముందువైపు గుర్తుల సంగతి తేల్చమని 2025లో సుప్రీంకోర్టు గడువు పెడితే, అది చాలదని ఇంకొంత గడువు అడిగారు. భూతద్దాలు అమ్ముకునేవాళ్లకు మాత్రం మంచి కాలం.

తీరిక లేనివారు ఏం తినాలంటారా? మా ఇంట్లో చేసినదే చెబుతాను. కాళేశ్వరరావు మార్కెట్టులో కొన్న పుట్నాలు 50 గ్రాములు చిన్న డబ్బాలో పోసి, రాత్రే ఉడికించిన రెండు గుడ్లు పక్కన పెడుతున్నాం. పుట్నాలలో 11 గ్రాములు, గుడ్లలో 12 గ్రాముల ప్రోటీన్ వస్తుంది, ఖర్చు పాతిక రూపాయలు దాటదు. కేలరీలు బారు కన్నా ఎక్కువే, 325 దాకా ఉంటాయి. బరువు తగ్గవలసినవారు పుట్నాలు సగం చేసుకోవచ్చు. గుడ్డు తిననివారికి గిన్నెడు పెరుగు, గుప్పెడు వేరుశనగ సరిపోతాయి గాని, ప్రోటీన్ కొంత తగ్గుతుంది. మసాలా ఓట్స్ బదులు ఉత్త ఓట్స్‌లో తాలింపు, కూరగాయ ముక్కలు వేస్తే పది నిమిషాల పని. అదీ కుదరని రోజున వీధి చివర బండిమీద ఇడ్లీ ఉండనే ఉంది. మావాడు వారానికొకసారి బారు తింటానంటే నేను అడ్డు చెప్పలేదు.

వచ్చే ఆదివారం మీరు సిఫారసు చేసిన పొట్లాల వెనుకవైపు ఫొటోలను, నా వయసువాళ్లు కళ్లజోడు లేకుండా చదవగలిగేంత పెద్దవిగా, అదే పేజీలో అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. ప్రకటనల విభాగం అడ్డు చెబితే ఆ సంగతి కూడా రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పటమట, విజయవాడ