బస్టాప్ బొమ్మలు ముందు పెట్టు

అమ్మలూ,

మాడుగుల హల్వా బస్సు పార్సిల్‌లో వేశాను, అందిందో లేదో చెప్పనే లేదు. ఇక్కడ అందరం బాగున్నాం. పెదవాల్తేరు అత్తయ్య మొన్న వచ్చి, హైదరాబాద్‌లో ఎవరో డబ్బు తీసుకుని, విదేశీ డిజైన్ స్కూళ్లలో సీటు కోసం పిల్లలు పంపాల్సిన పనుల పోర్ట్‌ఫోలియో తయారుచేసి పెడుతున్నారట, నువ్వూ చేరావట అంది. ఆవిడ మాటలు నీకు తెలిసినవే. కళ్లలో చుక్కలు వేసుకుంటున్నావా?

డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. గాజు మేడల కంప్యూటర్ బొమ్మలు ఆ స్కూళ్లవాళ్లకు కుప్పలుగా వస్తాయి. వాళ్లు చూసేది నువ్వు దేన్ని గమనించావు, తర్వాత ఏం మార్చావు, ఎందుకు మార్చావు అన్నది. రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ అడిగేది 12 నుంచి 20 పనులే. అందులో నాలుగు వేరేవాళ్ల చేతివైతే గీత చూడగానే తేడా తెలుస్తుంది. ఇంటర్వ్యూ ఉన్నచోట ‘ఈ గోడ ఇక్కడెందుకు?’ అంటే ఏం చెబుతావు?

మన వీధి చివరి బస్టాప్ పని మొదటి పేజీల్లో పెట్టు. అది పడమటి ముఖం. మూడు దాటితే ఎండ కప్పు కిందనుంచి లోపలికొస్తుంది, జనమంతా షెల్టర్ వెనక నీడలో నిలబడతారు. అది ముందు చూసింది నువ్వే. టేపు పట్టుకుని కప్పు ఎత్తు కొలిచి, గంటగంటకీ నీడ ఎక్కడిదాకా వచ్చిందో గీశావు. తర్వాత అట్టతో ముందువైపు నిలువు పలకలు పెట్టి టార్చి వేసి చూశావు. ఎండ ఆగింది గానీ కుడివైపు నుంచి వచ్చే బస్సు కనబడలేదు. అలాగైతే జనం రోడ్డు మీదికి వచ్చేస్తారని అమ్మ అంది. రెండో మోడల్‌లో పలకలన్నీ వాయవ్యం వైపు తిప్పావు. బస్సు కనబడింది. మే నెలలో సాయంత్రం సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి అప్పుడు కొంత ఎండ పడుతుందని నువ్వే పక్కన రాసుకున్నావు. ఆ మాట తీసెయ్యకు. పనికిరాని మొదటి మోడల్ ఫొటో, రెండోది పక్కపక్కనే పెట్టి, ఎందుకు మార్చావో రెండు వాక్యాలు రాస్తే చాలు. అత్తయ్య చెప్పినవాళ్లు దాన్నే తీసేసి చివరి బొమ్మ ఒక్కటే మెరిపిస్తారేమోనని నా భయం.

ఫొటోలు కిటికీ దగ్గర పగటి వెలుగులో తియ్యి, ఫ్లాష్ వద్దు. ఫోను కాగితానికి సమాంతరంగా పట్టుకో, లేకపోతే గీతలు వాలిపోతాయి. పెన్సిల్ మరకలు చెరపకు. కాలేజీలో నలుగురు కలిసి చేసిన పెవిలియన్ పెడితే అందులో నీ వంతు ఏదో స్పష్టంగా రాయి. ప్రతి స్కూలుకీ ఫైల్ సైజు లెక్క వేరు, ఆఖరి రాత్రి దాకా ఆగకు. రాత్రి భోజనం మానకు.

డబ్బు కట్టేసి ఉంటే కట్టేశావు, నేనేమీ అనను. కానీ గీసేది నువ్వేనా? ఆ ఒక్కటీ చెప్పు. అట్ట మోడళ్లు రెండూ అటక మీద ఉన్నాయి, శ్రీను మామయ్య శుక్రవారం అటు వస్తున్నాడు. పంపమంటే గురువారంలోగా ఫోన్ చెయ్యి, పాత చీరల్లో చుట్టి అట్టపెట్టెలో సర్దిస్తాను.

నాన్న